ఏకకాల అనువాదంలో వక్త వాక్యాల నడక

వక్త మాట్లాడుతుండగానే, అతను ఆగేదాకా చూడకుండా, ఆ మాటలను మరో భాషలో చెప్పుకుంటూ పోవడాన్ని ఏకకాల అనువాదం అంటారు. అనువాదకులు అద్దాల గదిలో కూర్చుని హెడ్‌ఫోన్లలో ఒక భాష వింటూ, మైకులో ఇంకో భాష మాట్లాడతారు. మన బహిరంగ సభల్లో ఢిల్లీ నుంచి వచ్చిన నాయకుడు హిందీలో ఒక వాక్యం చెప్పి ఆగితే పక్కన నిలబడ్డ స్థానిక నాయకుడు దాన్ని తెలుగు చేయడం వేరే పద్ధతి. అక్కడ వక్త ఆగక తప్పదు. తన మాట తెలుగులో ఎంత దూరం వెళ్లిందో అతనికి వినిపిస్తూనే ఉంటుంది. ఏకకాల అనువాదంలో వక్తకు అవతలి గొంతు వినపడదు. ఏ వాక్యం దగ్గర అవతలి మనిషి చిక్కుబడ్డాడో తెలియదు. అందుకే అనువాదానికి వీలుగా వాక్యాలను నడపడం వక్త ముందే నేర్చుకోవలసిన పని అవుతుంది.

ఈ నడక అన్ని భాషలకూ ఒకేలా ఉండదు. క్రియ చివర వచ్చే భాష నుంచి క్రియ ముందు వచ్చే భాషలోకి వెళ్లేటప్పుడు ఇబ్బంది ఎక్కువ. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి జరిగే అనువాదం సరిగ్గా అలాంటిదే కాబట్టి, ఈ వ్యాసం ప్రధానంగా దాన్నే తీసుకుంటుంది.

నేపథ్యం

పెద్ద ఎత్తున, నెలల తరబడి ఏకకాల అనువాదం జరిగిన మొదటి సందర్భం న్యూరెంబర్గ్ విచారణ. 1945 నవంబరు 20న మొదలై 1946 అక్టోబరు 1న ముగిసిన ఆ విచారణ ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, జర్మన్ భాషల్లో సాగింది. మాట్లాడేవారి ముందు రెండు దీపాలు ఉండేవి. పసుపు దీపం వెలిగితే నెమ్మదించాలి, ఎరుపు వెలిగితే ఆగిపోవాలి. నిమిషానికి 60 మాటలు, అంటే చెప్పి రాయించే వేగంతో మాట్లాడమని వక్తలను కోరారు. దీపాలు ఎన్ని వెలిగినా జర్మన్‌తో చిక్కు తీరలేదు. ఆ భాషలో ఉపవాక్యాల క్రియ చివరికి పోతుంది. నిందితుడు ఏం చేశానంటున్నాడో, చేయలేదంటున్నాడో తెలియడానికి అనువాదకులు వాక్యం చివరిదాకా కాచుకోవలసి వచ్చేది. జర్మన్‌లో కొన్ని వాక్యాలకే ఉన్న ఈ తీరు తెలుగులో దాదాపు ప్రతి వాక్యానికీ ఉంది.

మన దేశంలో లోక్‌సభలో ఏకకాల అనువాదం 1964లో మొదలైంది. సభలో తెలుగులో మాట్లాడదలచిన సభ్యుడు ముందుగా తెలియజేస్తే అనువాదకులను సిద్ధం చేస్తారు. 2018 జులైలో అప్పటి రాజ్యసభ ఛైర్మన్ వెంకయ్యనాయుడు, రాజ్యాంగం 8వ షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా సభ్యులు మాట్లాడవచ్చని ప్రకటించారు. తెలుగుకు ఆ వీలు అంతకుముందు నుంచే ఉంది. వీలు ఉండటం ఒక ఎత్తు, తెలుగులో చెప్పిన మాట ఇంగ్లీషు వినేవారి చెవిదాకా చెక్కుచెదరకుండా చేరడం ఇంకో ఎత్తు.

వేగానికి కొలత

సమావేశాల నిర్వాహకులు వక్తలకు ఇచ్చే సూచనల్లో తరచూ కనిపించే అంకె నిమిషానికి 100 నుంచి 120 మాటలు. ఇది ఇంగ్లీషు వంటి భాషలకు చెప్పింది. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ గెర్వర్ 1969లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే ప్రసంగాన్ని నిమిషానికి 95 మాటల నుంచి 164 మాటల దాకా రకరకాల వేగాల్లో వినిపించి, అనువాదకులు ఏం చేస్తారో చూశాడు. వేగం పెరిగినకొద్దీ వాళ్లు తమ మాటల వేగాన్ని అంతగా పెంచలేదు. తమ వేగం తాము నిలుపుకొంటూ, వక్తకు ఇంకా ఇంకా వెనకబడుతూ, ఎక్కువ వదిలేస్తూ పోయారు. వక్త తొందరపడినందువల్ల వినేవారికి అదనంగా చేరేదేమీ లేదన్నమాట. పైపెచ్చు, ఏది వదిలేయాలో నిర్ణయించే హక్కు వక్త చేతి నుంచి అనువాదకుల చేతికి పోతుంది.

ఈ అంకెను తెలుగుకు ఉన్నదున్నట్టు తెచ్చుకోకూడదు. మన మాట ఒక్కొక్కటి చాలా బరువు మోస్తుంది. ‘రాకపోయుంటే’ అన్న ఒక్క మాటలో రావడం, లేకపోవడం, గతం, షరతు నాలుగూ ఉన్నాయి. ఇంగ్లీషులో దానికి నాలుగైదు మాటలు కావాలి. కాబట్టి తెలుగులో నిమిషానికి 100 మాటలంటే వినడానికి తీరిగ్గా ఉన్నట్టే ఉంటుంది కానీ అద్దాల గదిలో అది తీరిక కాదు.

నిజానికి మాటల లెక్క కన్నా పనికొచ్చే కొలత ఇంకొకటుంది. వక్త నోటి నుంచి మాట వచ్చిన తర్వాత అనువాదకుల నోట దాని అర్థం వచ్చేదాకా పట్టే వ్యవధి సాధారణంగా రెండు నుంచి నాలుగు సెకన్లు. అది అప్పుడప్పుడు సాగుతుంది కానీ ఎక్కువసేపు సాగితే తెగుతుంది. వినడం, విన్నది గుర్తుంచుకోవడం, మాట్లాడటం, ఈ మూడింటినీ సమన్వయం చేసుకోవడం అని అనువాదకుల శ్రమను నాలుగు భాగాలుగా చూపిన ఫ్రెంచి పరిశోధకుడు డానియెల్ జీల్, వాళ్లు దాదాపు ఎప్పుడూ తమ శక్తికి అంచునే పనిచేస్తుంటారని అంటాడు. ఆ మాట ప్రకారం చూస్తే, వాక్యం అర్థం తేలకుండా ఎంతసేపు వేలాడుతూ ఉందన్నదే అసలు కొలత. ఐదు సెకన్లలో తేలిపోయే వాక్యాన్ని కాస్త వేగంగా చెప్పినా గండం గడుస్తుంది. పదిహేను సెకన్లు వేలాడే వాక్యాన్ని ఎంత నెమ్మదిగా చెప్పినా ఉపయోగం లేదు. నెమ్మదిస్తే అది ఇంకాస్త ఎక్కువసేపు వేలాడుతుంది, అంతే.

ఒక వాక్యం, దగ్గరగా

మన సభల్లో రోజూ వినపడే ధోరణిలో ఒక వాక్యం తయారుచేసి చూద్దాం:

“గత ఏడాది ఆగస్టులో వచ్చిన వరదల్లో ఇళ్లు కోల్పోయి, ఇప్పటికీ పాఠశాల భవనాల్లోనే తలదాచుకుంటున్న, నా నియోజకవర్గంలోని పద్నాలుగు గ్రామాలకు చెందిన రెండు వేల మూడు వందల కుటుంబాలకు కేంద్రం ప్రకటించిన సహాయంలో ఒక్క రూపాయి కూడా ఈనాటి వరకు అందలేదు.”

తెలుగువాడి చెవికి ఇందులో తప్పేమీ లేదు, వాక్యం నిండుగా ఉంది. 30 మాటలు. నిమిషానికి 100 మాటల చొప్పున 18 సెకన్లు. ఇళ్లు కోల్పోయింది ఎవరో 21వ మాట అయిన ‘కుటుంబాలకు’ దగ్గర గానీ తెలియదు, అంటే 12 సెకన్లు దాటాక. అసలు సంగతి ఏమిటో 30వ మాట దగ్గర తెలుస్తుంది. అంతసేపు ఊపిరి బిగబట్టి కూర్చునే అనువాదకులు ఉండరు. కూర్చుంటే వినేవారు యంత్రం పాడైందేమోనని హెడ్‌ఫోన్ తడుముకుంటారు.

అందుకని వాళ్లు ‘ఇళ్లు కోల్పోయి’ అన్న మాట వినగానే ఒక కర్తను తామే కల్పించుకుంటారు. గత ఆగస్టు వరదల్లో జనం ఇళ్లు కోల్పోయారు అని ఒక వాక్యం పూర్తిచేస్తారు. తర్వాత, వాళ్లు ఇంకా బడి భవనాల్లోనే ఉన్నారు అని ఇంకొకటి. ఈ రెండోది పలుకుతుండగానే చెవిలో పద్నాలుగు, దాని వెనకే రెండు వేల మూడు వందలు పడతాయి. అంకెకు సందర్భం ఉండదు, ముందు వెనకల నుంచి ఊహించి పట్టుకోవడం కుదరదు, వినపడ్డ క్షణంలోనే పట్టుకోవాలి. రెండు అంకెలు వెంటవెంటనే వచ్చినప్పుడు మొదటిది జారిపోవడం మామూలే. ఇంగ్లీషు వినేవారికి పద్నాలుగు గ్రామాలు ‘చాలా గ్రామాలు’గా చేరతాయి. జీల్ ఎత్తిచూపిన ఇంకో సంగతి కూడా ఇక్కడే కనిపిస్తుంది: దెబ్బ ఎప్పుడూ బరువైన చోటే తగలదు. అంకెలను ఎలాగో మోసుకొచ్చిన అనువాదకుడు, తేలికైన ‘కేంద్రం ప్రకటించిన’ అన్న ముక్కను వదిలేయవచ్చు. అప్పుడు సహాయం ఎవరు ప్రకటించారన్నది మాయమవుతుంది. సభ్యుడి ఫిర్యాదు అంతా దాని మీదే ఉంది మరి.

ఈ వాక్యంలో అనువాదకులకు దొరికే ఒకే ఒక్క ఊతం ‘ఒక్క రూపాయి కూడా’. తెలుగులో ‘ఒక్క... కూడా’ వచ్చిందంటే చివర లేదనో, కాదనో రావడం దాదాపు ఖాయం. అనుభవం ఉన్నవాళ్లు ఆ మాట దగ్గరే వ్యతిరేకార్థంతో ఇంగ్లీషు వాక్యం మొదలుపెట్టేస్తారు.

ఇప్పుడు అదే సంగతిని ఇలా నడిపితే:

“నా నియోజకవర్గంలో రెండు వేల మూడు వందల కుటుంబాల గురించి చెబుతాను. ఇవి పద్నాలుగు గ్రామాలకు చెందిన కుటుంబాలు. గత ఏడాది ఆగస్టు వరదల్లో వీళ్లు ఇళ్లు కోల్పోయారు. ఇప్పటికీ పాఠశాల భవనాల్లోనే తలదాచుకుంటున్నారు. వీళ్లకు సహాయం చేస్తామని కేంద్రం ప్రకటించింది. అందులో ఒక్క రూపాయి కూడా ఈనాటి వరకు అందలేదు.”

ఏడు మాటలు పెరిగాయి, అంటే నాలుగు సెకన్ల పైచిలుకు. కానీ అన్నిటికన్నా పొడుగు వాక్యం తొమ్మిది మాటలు, అది ఐదారు సెకన్లలో తేలిపోతుంది. ఎవరి గురించో మొదటే తెలిసింది. రెండు అంకెల మధ్య ఒక వాక్యం ముగిసింది. కేంద్రం తనకంటూ ఒక క్రియతో విడి వాక్యంలో నిలబడింది, కాబట్టి దాన్ని పొరపాటున వదిలేయడం కష్టం. ‘వచ్చిన, తలదాచుకుంటున్న, చెందిన, ప్రకటించిన’ అంటూ నామవాచకం కోసం ఎదురుచూసే మాటలు నాలుగు ఉన్న చోట ఒక్కటే మిగిలింది. వక్త తన ప్రసంగ పాఠాన్ని దిద్దుకోవడానికి ఇంతకన్నా మంచి గుర్తు లేదనుకుంటాను: ఒక వాక్యంలో ఇలాంటి మాటలు రెండు దాటాయంటే అక్కడ విరవాలి.

చివర తిరగబడే వాక్యాలు

పొడుగు వాక్యం కన్నా ప్రమాదకరమైనది చివరి మాటతో అర్థం తలకిందులయ్యే వాక్యం. “పథకాన్ని ఆపేశారని, నిధులు మళ్లించారని, తప్పుడు లెక్కలు చూపించారని నేను అనడం లేదు” అన్నాడనుకోండి. ‘అని’ వినపడేసరికి అది ఎవరో అన్న మాటో, అనుకున్న మాటో అని తెలుస్తుంది కానీ ఎవరిదో, ఒప్పుకుంటున్నారో కాదంటున్నారో తెలియదు. మూడు ఆరోపణలూ ఇంగ్లీషులో వెలువడిన తర్వాత ‘అనడం లేదు’ వస్తుంది. అనువాదకులు ‘ఇలాంటి ఆరోపణల విషయానికొస్తే’ అన్న తటస్థమైన ఎత్తుగడతో మొదలుపెట్టి తప్పించుకుంటారు. ఆ ఎత్తుగడ తట్టని రోజున మాత్రం, సభ్యుడు చేయని ఆరోపణ హెడ్‌ఫోన్లలో కొన్ని సెకన్లపాటు చేసినట్టే ఉంటుంది.

దీనికి మందు తెలుగులోనే ఉంది. మన మాటల వరుస పట్టువిడుపులున్నది. “నేననడం లేదు, పథకాన్ని ఆపేశారని. నేననడం లేదు, నిధులు మళ్లించారని” అని ఎవరూ అభ్యంతరపెట్టని తెలుగులో చెప్పవచ్చు. నిజానికి వేదిక మీద ఇలా తిప్పి చెబితేనే మాటకు పదును వస్తుంది. రాతలో మాత్రం మనం ఈ వరుసను దిద్ది మామూలు వరుసలో పెట్టేస్తాం. అదే కాగితం చూసి చదివితే ఆ సౌలభ్యం పోతుంది.

షరతుల సంగతీ అంతే. ‘వర్షాలు సకాలంలో పడి, కాలువలకు నీళ్లు వదిలి, విత్తనాలు అందుబాటులో ఉంటే’ అన్నప్పుడు ఇది జరిగిన సంగతి కాదు, షరతు అని చివరి ‘ఉంటే’ దాకా తెలియదు. ముందు ‘ఒకవేళ’ తగిలిస్తే చాలు, అనువాదకులు మొదటి మాటకే షరతు వాక్యం ఎత్తుకుంటారు. వ్యాకరణం అడగని ఈ మాట అనువాదానికి ప్రాణం. అలాగే ‘ఎందుకంటే’, ‘కాబట్టి’, ‘అయినా సరే’ అన్న మాటలను వాక్యం మొదట్లో పెట్టడం మంచిది. వాక్యాలను చిన్నవి చేసే ఉత్సాహంలో వీటిని కూడా తీసేసే వక్తలుంటారు. అప్పుడు ఏ వాక్యానికది విడివిడిగా చేరుతుంది గానీ, ఒకదానికీ ఇంకోదానికీ ఉన్న సంబంధం చేరదు. విరవడానికి ఉన్న హద్దు ఇదే.

తెలుగు నుంచి హిందీలోకి ఈ బాధలు చాలా వరకు ఉండవు. రెండింటిలోనూ క్రియ చివరే వస్తుంది కాబట్టి అనువాదకులు వక్త వెనకే అదే వరుసలో నడిచిపోగలరు. ఒకే ప్రసంగం హిందీలో సాఫీగా, ఇంగ్లీషులో కుంటుతూ వినిపిస్తే తప్పు ఇంగ్లీషు అనువాదకులదేనని తేల్చేయకూడదు.

ఎక్కడ ఆగాలి

‘నెమ్మదిగా మాట్లాడండి’ అన్న సలహాను తప్పుగా అర్థం చేసుకునే వక్తలు ప్రతి మాట తర్వాతా ఆగుతారు. రెండు వేల... మూడు వందల... కుటుంబాలు అంటారు. ఆ మొదటి ఆగింపులో అనువాదకులు రెండు వేలు అని చెప్పేస్తారు, వెంటనే దిద్దుకోవలసి వస్తుంది. అంకెను ఒక్క గుక్కలో పలికి, దేనికి సంబంధించిందో కూడా కలిపి చెప్పి, ఆ తర్వాత ఆగాలి. వాక్యంలో కూడా అంతే, అర్థం తేలిన చోట ఆగితే ఆ వ్యవధిలో అనువాదకులు వెనకబడిన దూరాన్ని పూడ్చుకుంటారు. అర్థం తేలని చోట ఆగితే వాళ్లకు ఆ వ్యవధితో చేయగలిగిందేమీ లేదు, ఎదురుచూడటం తప్ప. వాక్యాల మధ్య ఒకటి రెండు సెకన్ల మౌనం వక్తకు యుగంలా అనిపిస్తుంది కానీ సభకు అది మామూలు ఊపిరి.

విదేశీ సమావేశాల్లో మన లెక్కలు మరో అడ్డంకి. లక్ష కోట్లను ట్రిలియన్‌గా, 45 కోట్లను 450 మిలియన్లుగా మార్చడం కాగితం మీద సులువే. చెవిలో తర్వాతి వాక్యం నడుస్తుండగా నోటితో చేయడం సులువు కాదు. అలాంటి అంకెలున్న ముక్కను ముందే రాసి గదిలోకి పంపిస్తే సగం భయం తీరుతుంది.

రాసిన ప్రసంగం చదవడం ఎక్కడైనా వేగాన్ని పెంచుతుంది. మాట్లాడేటప్పుడు ఆలోచించుకోవడానికి పట్టే విరామాలు చదివేటప్పుడు ఉండవు. దానికి సమయ పరిమితి తోడైతే ఇక చెప్పనక్కర్లేదు. రాజ్యసభ శూన్య గంటలో సభ్యుడికి దొరికేది మూడు నిమిషాలు. నాలుగున్నర నిమిషాల కాగితం పట్టుకొచ్చి మూడు నిమిషాల్లో పరుగెత్తించేవారికి, మైకు ఆగేలోపు చదవడం పూర్తయిందన్న తృప్తి మిగులుతుంది. తెలుగులో 300 మాటలు దాటితే ఆ మూడు నిమిషాలకు అది ఎక్కువే. తగ్గించవలసింది సరుకును.

తప్పుతున్నట్టు గుర్తులు

వక్తకు అనువాదం వినిపించకపోయినా కొన్ని ఆనవాళ్లు కనిపిస్తాయి. మాట విసిరాక హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవారి ముఖాల్లో స్పందన బాగా ఆలస్యంగా వస్తుంటే అనువాదం వెనకబడింది. వాళ్లు హెడ్‌ఫోన్ సర్దుకుంటూ పక్కవారిని చూస్తుంటే మౌనం ఎక్కువైంది. వినేవారి వైపు నుంచి చూస్తే గుర్తులు ఇంకా స్పష్టం. పొడుగాటి నిశ్శబ్దం, వెంటనే మాటల వరద, పూర్తికాకుండానే వదిలేసిన వాక్యాలు, అంకెలకు బదులు ‘ఎన్నో’, ‘చాలా’ అన్న మాటలు. గొంతు ఎగుడుదిగుళ్లు పోయి ఒకే స్థాయిలో వినపడటం కూడా అలసటకు సూచనే. అందుకే అనువాదకులు ఇద్దరు చొప్పున కూర్చుని, సుమారు అరగంటకోసారి మారుతుంటారు. న్యూరెంబర్గ్ పసుపు దీపానికి వారసురాలిగా, నెమ్మదించమని వక్తకు గానీ అధ్యక్షుడికి గానీ సూచించే మీట ఇప్పటి కొన్ని పరికరాల్లో ఉంది. వక్త కాగితంలోంచి తలెత్తితేనే అది పనిచేస్తుంది.

నడపడానికి లొంగనివి

పద్యాలు, సామెతలు, శ్లేషలు ఏ నడకకూ లొంగవు. తెలుగు సభ్యులు ప్రసంగం మధ్యలో పద్యం అందుకోవడం అరుదేమీ కాదు. పద్యం అందుకున్నప్పుడు అనువాదకులు వక్త పద్యం చదువుతున్నారని చెప్పి ఊరుకుంటారు, లేదా విన్నంతలో తాత్పర్యం చెబుతారు. అన్వయం నాలుగో పాదంలో కుదిరే పద్యానికి మూడో పాదం దాకా తాత్పర్యం ఉండదు. ఇలాంటప్పుడు భావాన్ని ముందు ఒక మామూలు వాక్యంలో చెప్పి, ఆ తర్వాత పద్యం ఎత్తుకోవాలి. అనువాదకులు ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పేసి, పద్యం సాగినంతసేపు మైకు దగ్గర ఊరికే ఉండవచ్చు. పద్యం పూర్తయిన వెంటనే తర్వాతి వాక్యంలోకి దూకకుండా తెలుగు తెలిసినవారి చప్పట్లు ఆగేదాకా వక్త ఆగితే, అసలు ప్రసంగం మళ్లీ ఎక్కడ మొదలైందో రెండు భాషల వాళ్లకీ ఒకేసారి తెలుస్తుంది.